రెండో బ్యాచ్‌కి 320 గంటలా, 240 గంటలా? లెర్నింగ్ కర్వ్‌తో లేబర్ లెక్క

> "మాది జీడిమెట్లలో చిన్న కంట్రోల్ ప్యానెళ్ల యూనిట్. ఒక కొత్త మోడల్ ప్యానెళ్లు మొదటిసారి 10 చేశాం, 400 లేబర్ గంటలు పట్టింది. గంటకు 150 రూపాయలు పడుతుంది. అదే కస్టమర్ ఇంకో 3 బ్యాచ్‌లు, అంటే 30 ప్యానెళ్లు కావాలంటున్నాడు, రేటు తగ్గించమంటున్నాడు. 80% లెర్నింగ్ కర్వ్ వేస్తే రెండో బ్యాచ్‌కి 320 గంటలు అని నేను అనుకున్నాను, మా అకౌంటెంట్ 240 అంటున్నారు. ఎవరిది కరెక్ట్? మూడు బ్యాచ్‌లకు లేబర్ ఎంత వేసుకోవాలి?"

క్యుములేటివ్ యావరేజ్ మోడల్ ప్రకారం మీ అకౌంటెంట్ చెప్పిన 240 గంటలే కరెక్ట్. రాబోయే మూడు బ్యాచ్‌లకు కలిపి 624 గంటలు, అంటే లేబర్ రూ. 93,600 వస్తుంది. కానీ ఆ 80% మీ షాపులో నిజంగా ఉందో లేదో చూసుకోకుండా మాత్రం ఈ అంకె పట్టుకుని కొటేషన్ పంపకండి. అది చూసుకునే దారి మీ మొదటి బ్యాచ్ జాబ్ కార్డుల్లోనే ఉంది, కింద చెబుతాను.

ముందు 320 సంగతి. ఈ మోడల్‌లో 80% వర్తించేది రెండో బ్యాచ్‌కి పట్టే టైముకి కాదు, అప్పటివరకు చేసిన మొత్తం బ్యాచ్‌ల సగటు టైముకి. మొత్తం ఉత్పత్తి రెట్టింపైన ప్రతిసారీ ఆ సగటు 80 శాతానికి దిగుతుంది. మీ 320 అనేది రెండు బ్యాచ్‌ల సగటు. సగటు 320 కావాలంటే రెండింటి మొత్తం 640 కావాలి, అందులో 400 మొదటి బ్యాచ్ తినేసింది కాబట్టి రెండోదానికి మిగిలేది 240. పిల్లాడికి మొదటి పరీక్షలో 100 వచ్చి, రెండు పరీక్షల సగటు 80 అయిందంటే రెండోదాంట్లో వచ్చింది 60 అని మనం టక్కున చెప్పేస్తాం కదా, అదే లెక్క.

ఒకటి నుంచి రెండు, రెండు నుంచి నాలుగు బ్యాచ్‌లకు వెళ్లేటప్పుడు 80 శాతంతో హెచ్చిస్తే సరిపోతుంది. మూడో బ్యాచ్ దగ్గర రెట్టింపు కుదరదు కాబట్టి ఫార్ములా కావాలి:

```
y = a * x^b
b = log(0.8) / log(2) = -0.3219
```

ఇక్కడ `a` మొదటి బ్యాచ్ టైము, `x` ఇప్పటివరకు చేసిన మొత్తం బ్యాచ్‌లు, `y` ఒక్కో బ్యాచ్‌కి సగటు టైము. మీ అంకెలు వేస్తే ఇలా వస్తుంది:

| మొత్తం బ్యాచ్‌లు | సగటు గంటలు | మొత్తం గంటలు | ఈ బ్యాచ్‌కి గంటలు |
|---|---|---|---|
| 1 | 400 | 400 | 400 |
| 2 | 320 | 640 | 240 |
| 3 | 280.8 | 842.5 | 202.5 |
| 4 | 256 | 1,024 | 181.5 |

చివరి కాలమ్ ఎప్పుడూ తీసివేతతోనే వస్తుంది: నాలుగు బ్యాచ్‌ల మొత్తంలోంచి మూడు బ్యాచ్‌ల మొత్తం తీసేస్తే నాలుగో బ్యాచ్. ఎక్సెల్‌లో చేసుకోవాలంటే `B1`లో 400, `B2`లో 0.8, `A4` నుంచి `A8` వరకు 0, 1, 2, 3, 4 వేసి, ఈ రెండు ఫార్ములాలూ కిందికి లాగండి:

```
B4:  =$B$1*A4^(1+LOG($B$2)/LOG(2))
C5:  =B5-B4
```

B కాలమ్‌లో మొత్తం గంటలు, C కాలమ్‌లో ఒక్కో బ్యాచ్ గంటలు వస్తాయి. తర్వాత చెప్పే లెక్కలన్నీ ఇదే షీట్‌లో `B2` మార్చి చూసుకోవచ్చు.

రిపీట్ ఆర్డర్‌కి సగటు పట్టుకోవద్దు. నాలుగు బ్యాచ్‌ల సగటు 256 కదా అని దాన్ని మూడుతో హెచ్చిస్తే 768 గంటలు, రూ. 1,15,200 వస్తుంది. అసలు అంకె కంటే ఇది రూ. 21,600 ఎక్కువ. ఎందుకంటే ఆ సగటులో మొదటి బ్యాచ్ కష్టం కూడా కలిసి ఉంది, దాని డబ్బు మీకు మొదటి ఆర్డర్‌లోనే వచ్చేసింది. కొత్తగా పడే ఖర్చు 1,024లోంచి 400 పోగా మిగిలిన 624 గంటలే. ప్యానెల్ లెక్కన చూస్తే మొదటి పదింటికి ఒక్కోదానికి లేబర్ రూ. 6,000 పడింది, రాబోయే ముప్పైకి రూ. 3,120 పడుతుంది. కస్టమర్ ధర తగ్గించమని ఎందుకు అడుగుతున్నాడో దీన్నిబట్టే అర్థమవుతుంది, పెద్ద కంపెనీల పర్చేజ్ వాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీరు 320 అన్నారు, ఆయన 240 అన్నారు. నిజానికి మీరు అన్నట్టే లెక్కేసే ఇంకో మోడల్ కూడా ఉంది. టి.పి. రైట్ 1936లో విమానాల తయారీ ఖర్చు మీద రాసిన వ్యాసంలో వాడింది సగటు టైము. ఆ తర్వాత విమాన పరిశ్రమలోనే క్రాఫర్డ్ పేరుతో వచ్చిన మోడల్‌లో మాత్రం తగ్గేది సగటు కాదు, ఆ యూనిట్‌కి పట్టే టైమే. క్రాఫర్డ్ పద్ధతిలో 80% అంటే రెండో బ్యాచ్ 320 గంటలే. ఆ దారిలో మూడు బ్యాచ్‌లకు 320, 280.8, 256 కలిపి సుమారు 857 గంటలు అవుతుంది. 624 ఎక్కడ, 857 ఎక్కడ! అందుకని ఎవరైనా మీకు "మీ లైన్‌లో 80% ఉంటుంది" అని చెబితే, ఆ 80% ఏ మోడల్‌తో కొలిచారో అడగండి. ఒక మోడల్‌తో కొలిచిన శాతాన్ని ఇంకో మోడల్‌లో వేస్తే మొత్తం లెక్క తప్పుతుంది.

దీన్ని తిప్పి చూడండి. రేపు మీ రెండో బ్యాచ్‌కి నిజంగానే 320 గంటలు పట్టిందనుకుందాం. అప్పుడు రెండింటి మొత్తం 720, సగటు 360. 360ని 400తో భాగిస్తే 90%. అంటే ఒకే షాపు, అవే మనుషులు, అవే జాబ్ కార్డులు. క్రాఫర్డ్ లెక్కలో అది 80% కర్వ్, మన సగటు లెక్కలో 90% కర్వ్. అలాంటి షాపు 80 శాతాన్ని సగటు మోడల్‌లో వేసి కొటేషన్ పంపితే ఏమవుతుందో చూడండి. 90 శాతంతో నాలుగు బ్యాచ్‌ల మొత్తం 1,296 గంటలు, అందులో రాబోయే మూడింటివి 896. రూపాయల్లో రూ. 1,34,400. మీరు వేసుకున్నది రూ. 93,600. తేడా రూ. 40,800 మీ జేబులోంచి పోతుంది, అదీ ఒక్క లేబర్ మీదే.

మరి మీ షాపు శాతం ఎంత? దీనికి రెండో బ్యాచ్ దాకా ఆగాల్సిన పని లేదు. మొదటి బ్యాచ్‌లోనే మొదటి 5 ప్యానెళ్లకు ఎన్ని గంటలు పట్టిందో జాబ్ కార్డుల్లో చూడండి. 5 నుంచి 10కి వెళ్లడం కూడా రెట్టింపే. పదింటి సగటు 40 గంటలు. మీది నిజంగా 80% అయితే మొదటి ఐదింటి సగటు 50 ఉండాలి, అంటే ఆ ఐదింటికే 250 గంటలు పట్టి, తర్వాతి ఐదు 150లో అయిపోయి ఉండాలి. మొదటి ఐదింటికి 222 దగ్గర, తర్వాతి ఐదింటికి 178 దగ్గర కనిపిస్తే మీది 90% కర్వ్. నేను చూసిన ప్యానెల్ షాపుల్లో 80% రావడం అరుదు, 85కీ 90కీ మధ్యే ఎక్కువగా చూశాను. మీది వేరుగా ఉండొచ్చు, మీ కార్డులు ఏం చెబితే అదే తీసుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. చాలా యూనిట్లలో ప్యానెళ్లు ఒక్కొక్కటిగా పూర్తి చేయరు. పదింటికీ ముందు మౌంటింగ్, తర్వాత పదింటికీ వైరింగ్, చివర్లో టెస్టింగ్ చేస్తారు. అలా చేసి ఉంటే ప్యానెల్‌వారీ మొత్తం గంటలు దొరకవు. అప్పుడు వైరింగ్ స్టేజీ కార్డులు మాత్రం తీసుకుని, మొదటి ఐదింటికీ మొత్తం పదింటికీ సగటు చూడండి. కార్డుల్లో ప్యానెల్ నంబరే రాయకపోతే ఈ లెక్క కుదరదు. రెండో బ్యాచ్ నుంచైనా వైర్‌మన్ కార్డు మీద ప్యానెల్ సీరియల్ నంబర్ రాయించండి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. మొదటి బ్యాచ్ గంటల్లో నేర్చుకోవడానికి సంబంధం లేనివి కలిసి ఉంటాయి. కాంటాక్టర్లు రాక మనుషులు ఖాళీగా కూర్చున్న గంటలు, డ్రాయింగ్ తప్పువల్ల విప్పి మళ్లీ వైరింగ్ చేసిన గంటలు లాంటివి. ఉదాహరణకి మీ 400లో 40 గంటలు ఇలాంటివి ఉండి, రెండో బ్యాచ్ 280లో అయిందనుకోండి. 400 పెట్టి చూస్తే సగటు 340, అంటే 85%. అసలు పని 360 గంటలే కాబట్టి దాన్ని పెట్టి చూస్తే సగటు 320, సుమారు 89%. ఆ 40 గంటలు పోవడం ఒక్కసారి జరిగే మెరుగుదల, అది మూడో బ్యాచ్‌లో మళ్లీ జరగదు. దాన్ని కర్వ్‌లో కలిపితే మూడో, నాలుగో బ్యాచ్‌ల టైము ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. కాబట్టి అలాంటి గంటలను ముందే తీసి పక్కన పెట్టండి.

అన్ని గంటలూ నేర్చుకునే గంటలు కావు. ప్యానెల్ పనిలో టైము తగ్గేది ముఖ్యంగా వైరింగ్ దగ్గర. మొదటి ప్యానెల్ దగ్గర వైర్‌మన్ ప్రతి వైరుకీ డ్రాయింగ్ వైపు చూస్తాడు, టెర్మినల్ నంబర్ వెతుకుతాడు, చాలదేమోనని జానెడు ఎక్కువ పెట్టి కట్ చేసి, ఛానల్‌లో పడుకోబెట్టి, మిగిలింది మళ్లీ కత్తిరిస్తాడు. ఫెర్రూల్ నంబర్లు ఒక్కో వైరుకీ విడివిడిగా ఎక్కిస్తాడు. నాలుగైదు ప్యానెళ్లు అయ్యాక అతని జేబులో ఒక కాగితం ఉంటుంది, ఏ వైరు ఎంత పొడవో దాని మీద రాసి ఉంటుంది. ఆ తర్వాత వైర్లన్నీ ఒకేసారి కట్ చేసి, ఫెర్రూళ్లు వరుసగా ఎక్కించి, లగ్గులు క్రింప్ చేసి కట్టలుగా పెట్టుకుంటాడు. కర్వ్ కిందికి దిగేది ఇక్కడే. చెయ్యి వేగం పెరగడం అందులో ఒక భాగం మాత్రమే, ఆ కటింగ్ లిస్టు వల్ల వచ్చేది ఇంకా ఎక్కువ. ఆ కాగితం అతని జేబులోంచి మీ ఫైల్లోకి రావాలి. అతను మానేసి వెళ్లిపోతే మీ కర్వ్‌లో సగం అతనితోనే పోతుంది.

టెస్టింగ్ అలా కాదు. కంటిన్యుటీ, మెగ్గర్, హై వోల్టేజ్ టెస్టుకి పట్టే టైము పదో ప్యానెల్‌కీ నలభయ్యో ప్యానెల్‌కీ పెద్దగా మారదు. మెషీన్ వేగంతో నడిచే బస్‌బార్ పంచింగ్ కూడా అంతే. మీ 400లో టెస్టింగ్ 60 గంటలు ఉందనుకుందాం. నేర్చుకునే పని 340 మాత్రమే. 80% దీనికే వేస్తే, నాలుగు బ్యాచ్‌ల సగటు 217.6, మొత్తం 870.4, మొదటి బ్యాచ్ 340 తీసేస్తే 530.4. దీనికి మూడు బ్యాచ్‌ల టెస్టింగ్ 180 కలిపితే 710.4 గంటలు. అంతా కలిపి కర్వ్ వేసినప్పుడు వచ్చిన 624 కంటే 86.4 గంటలు ఎక్కువ, రూ. 12,960 తేడా.

అయితే మీరు కొలిచిన శాతం మొత్తం గంటల మీద కొలిచినదైతే, టెస్టింగ్ ప్రభావం ఆ శాతంలో ఇప్పటికే ఉంది. దాన్ని తీసుకెళ్లి వైరింగ్ గంటలకు మాత్రమే వేయకూడదు. నా సలహా, వైరింగ్‌కి శాతం విడిగా కొలవండి, విడిగా వేయండి. కలిపి కొలిచిన శాతం మొదట్లో బాగానే కలుస్తుంది కానీ, వైరింగ్ గంటలు తగ్గేకొద్దీ మారని టెస్టింగ్ వాటా పెరుగుతుంది, నాలుగైదు బ్యాచ్‌లయ్యాక అసలు టైము మీ కర్వ్ కంటే పైనే ఆగిపోతుంది.

బ్యాచ్ సైజు మారినా లెక్క మారుతుంది. కస్టమర్ ముందు 15 ప్యానెళ్లు పంపమంటే దాన్ని "రెండో బ్యాచ్" అని 240 గంటలు వేయకండి. `x` అనేది బిల్లుల సంఖ్య కాదు, పదేసి ప్యానెళ్ల లెక్కన మొత్తం ఉత్పత్తి. 25 ప్యానెళ్లంటే `x` 2.5. సగటు 297.8, మొత్తం 744.5, కొత్త 15 ప్యానెళ్లకు 344.5 గంటలు.

కర్వ్ ఎప్పటికీ దిగుతూనే ఉండదు. ఒక దశలో ఇక తగ్గేది లేదని తేలుతుంది. ఆ తర్వాత బ్యాచ్‌లకు పెట్టుకోవాల్సింది చివరి బ్యాచ్ టైము, సగటు కాదు. నాలుగో బ్యాచ్‌తో నేర్చుకోవడం ఆగిపోయిందనుకుంటే, ఐదో బ్యాచ్ నుంచి ఒక్కోటి 181.5 గంటలు. అక్కడ 256 వేస్తే మీ ధర పోటీలో నిలబడదు. సీఎంఏ పరీక్ష రాసేవాళ్లు కూడా ఈ చోటే ఎక్కువగా తడబడతారు.

గంటలు తగ్గితే రూపాయలు అంతే తగ్గుతాయా అన్నది మీరు జీతాలు ఎలా ఇస్తున్నారన్న దాని మీద ఉంది. మీవాళ్లు నెల జీతం మీద ఉంటే, మిగిలిన గంటల్లో వాళ్లకు వేరే జాబ్ ఇస్తేనే ఆ డబ్బు నిజంగా మిగులుతుంది. వేరే ఆర్డర్ లేకపోతే జీతం అంతే, మీరు తగ్గించిన ధర మాత్రం నిజంగానే తగ్గుతుంది. వైర్‌మన్‌కి ప్యానెల్‌కి ఇంత అని పీస్ రేటు ఇస్తుంటే మీ లేబర్ కాస్ట్ కర్వ్‌తో కదలదు, రేటు మళ్లీ మాట్లాడుకునేదాకా లాభం అతనిదే. ఆ 150 రూపాయల్లో పీఎఫ్‌లో కంపెనీ వాటా, ఈఎస్ఐ కలిసి ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. డెలివరీ తొందరకి ఓవర్‌టైమ్ పెడితే చట్టప్రకారం ఆ గంటలకు రెట్టింపు ఇవ్వాలి, అప్పుడు గంటకి 150 అన్న లెక్కే నిలవదు.

ఇక కొటేషన్. మీకు రెండు అంచుల మధ్య ఎక్కడుండాలో తెలియాలి కాబట్టి మూడు బ్యాచ్‌ల లేబర్ వేర్వేరు శాతాలకు ఇదీ: 80 శాతానికి రూ. 93,600, 85 శాతానికి రూ. 1,13,400, 90 శాతానికి రూ. 1,34,400. ఏమీ నేర్చుకోకపోతే రూ. 1,80,000. జాబ్ కార్డులు స్పష్టంగా లేకపోతే నేనైతే 90 శాతంతోనే పంపుతాను. కస్టమర్ బేరమాడితే 85 దాకా దిగుతాను, అంతకంటే కిందికి మాత్రం మొదటి ఐదు ప్యానెళ్ల గంటలు చూడనిదే దిగను.

కొటేషన్‌లో రెండు షరతులు రాయండి. బ్యాచ్‌ల మధ్య మూడు నెలలకు మించి గ్యాప్ వచ్చినా, డ్రాయింగ్ రివిజన్ వచ్చినా రేటు మళ్లీ చూసుకుంటామని. నాకు తెలిసిన ఒక యూనిట్‌లో రెండో బ్యాచ్ అయ్యాక కస్టమర్ టెర్మినళ్ల వరుస మార్చాడు. పేపర్ మీద చిన్న మార్పే, కానీ కటింగ్ లిస్టు మొత్తం పనికిరాకుండా పోయి, మూడో బ్యాచ్ టైము దాదాపు మొదటి బ్యాచ్ దగ్గరికి వెళ్లింది. ఆర్డర్‌లో ఈ షరతు లేకపోవడంతో ఆ ఖర్చు వాళ్లే భరించారు.

రెండో బ్యాచ్ డిస్పాచ్ అయిన రోజే లెక్క మళ్లీ వేయండి. అది 300 గంటలకు వచ్చిందనుకుందాం. మొత్తం 700, సగటు 350, మీ కర్వ్ 87.5%. నాలుగు బ్యాచ్‌ల సగటు 306.25, మొత్తం 1,225, కాబట్టి మిగిలిన రెండు బ్యాచ్‌లకు 525 గంటలు. 80% అనుకుని 384కి మనుషుల్ని పెట్టుకుని ఉంటే ఇంకా 141 గంటలు కావాలి. మూడో బ్యాచ్ మొదలవక ముందే తెలిస్తే ఇంకో వైర్‌మన్‌ని పెట్టుకోవచ్చు, లేదా డెలివరీ తేదీ మాట్లాడుకోవచ్చు. నాలుగో బ్యాచ్ మధ్యలో తెలిస్తే ఓవర్‌టైమ్ తప్ప దారి ఉండదు.